సిలాజిజానికి మూడ్, ఫిగర్ ఎలా కనుక్కోవాలి, దాని లాటిన్ పేరును ఎలా చదవాలి

"తిమింగలం చేప కాదండీ. దానికి మొప్పలే లేవు కదా! చేప అన్నాక మొప్పలు ఉండాల్సిందే."

ఇది ఎవరైనా మామూలుగా అనే మాటే. ఇలా రెండు వాక్యాల నుంచి మూడోది తేల్చే వాదనను సిలాజిజం అంటారు. తర్కశాస్త్రం పుస్తకం మాత్రం ఈ మూడు ముక్కలకు AEE-2 అని కోడ్ వేసి, కమెస్ట్రెస్ అని పేరు పెడుతుంది. ఆ కోడ్ ఎలా వచ్చింది, ఆ పేరు లోపల ఏం దాచారు అన్నది ఈ ఒక్క వాదననే పట్టుకుని అంచెలంచెలుగా చూద్దాం. బ్యాంకు పరీక్షల్లో వచ్చే సిలాజిజం ప్రశ్నలకు వెన్ బొమ్మలు గీసి గట్టెక్కొచ్చు. యూజీసీ నెట్ పేపర్ 1 సిలబస్‌లో మాత్రం మూడ్, ఫిగర్ అని పేరుపెట్టి మరీ ఇచ్చారు. ఫిలాసఫీ చదివేవాళ్లకైతే ఇది ఎలాగూ తప్పదు.

ముందు ముగింపు ఏదో పట్టుకోండి

పని ఎప్పుడూ ముగింపు నుంచి మొదలుపెట్టాలి. మాట్లాడేటప్పుడు ముగింపు చివర్లోనే రావాలని లేదు. పై వాదనలో అది మొదటి వాక్యంలోనే ఉంది. "కాబట్టి", "అందుకే" లాంటివి ఉంటే సులువు. లేకపోతే ఇలా అడగండి: ఈ మూడింటిలో మిగతా రెండూ దేన్ని నిలబెట్టడానికి వచ్చాయి? ఇక్కడ మొప్పల సంగతి ఎత్తిందే తిమింగలం చేప కాదని చెప్పడానికి. కాబట్టి అదే ముగింపు.

ముగింపు దొరికాక మూడు అక్షరాలు అంటించాలి. ముగింపులో ఎవరి గురించి చెబుతున్నామో అది S, అంటే మైనర్ టర్మ్. వాళ్ల గురించి ఏం చెబుతున్నామో అది P, అంటే మేజర్ టర్మ్. ముగింపులో కనిపించకుండా మిగతా రెండు వాక్యాల్లోనూ కనిపించేది M, అంటే మిడిల్ టర్మ్. మన వాదనలో S తిమింగలాలు, P చేపలు, M మొప్పలున్న జీవులు.

ముగింపును నిలబెట్టే ఆ రెండు వాక్యాలనే ప్రెమిస్‌లు అంటారు. ఇప్పుడు P ఉన్న ప్రెమిస్ పైన, S ఉన్న ప్రెమిస్ కింద, ముగింపు అన్నిటికన్నా కింద రాయాలి. చెప్పినవాళ్లు ఏ వరసలో చెప్పారన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. పైన మాట్లాడినాయన తిమింగలం మొప్పల సంగతి ముందు చెప్పి, చేపల సంగతి తర్వాత చెప్పాడు. అదే వరసలో రాసేస్తే మూడ్ EAE అని వస్తుంది, ఫిగర్ రెండోదే ఉంటుంది. కింద ఇచ్చే పేర్ల పట్టికలో EAE-2 కి సెసారే అని పేరు కూడా ఉంది! పేరు దొరికింది కదా అని ముందుకెళ్లిపోతాం, తప్పు బయటపడదు. ఈ పొరపాటు ఎక్కడ దొరికిపోతుందో పేరు విప్పేటప్పుడు చూద్దాం.

వాక్యాలను సరైన అచ్చులో పోయండి

అసలు కష్టమంతా ఇక్కడే, అందులోనూ తెలుగు వాక్యాలతో. సిలాజిజంలో చెల్లే వాక్యాలు నాలుగు రకాలే. ఇక్కడ మాత్రం S అంటే ఏ వాక్యంలోనైనా ముందుండే మాట, P అంటే వెనకుండే మాట:

```
A   S అన్నీ P
E   ఏ S కూడా P కాదు
I   కొన్ని S, P
O   కొన్ని S, P కావు
```

ఈ అక్షరాలు లాటిన్ మాటల్లోంచి తీసుకున్నవి. అవునని చెప్పే "అఫిర్మో"లో ఉన్న A, I అవుననే వాక్యాలకు పెట్టారు. కాదని చెప్పే "నెగో"లో ఉన్న E, O కాదనే వాక్యాలకు పెట్టారు. ప్రతి జంటలోనూ మొదటిది అందరి గురించి, రెండోది కొందరి గురించి. కొన్ని అంటే ఇక్కడ కనీసం ఒకటి అని అర్థం. మిగతావి అలా కావు అనే ధ్వని అందులో లేదు.

మనం మాట్లాడే తెలుగు ఈ నాలుగు గళ్లలో తిన్నగా పడదు. ముఖ్యంగా మూడు చోట్ల జాగ్రత్త పడాలి.

మొదటిది "అన్నీ... కావు" అనే వాక్యం. "తెల్లనివన్నీ పాలు కావు" అంటే తెల్లనివాటిలో ఒక్కటి కూడా పాలు కాదని ఎవరూ అనుకోరు. పాలు కానివి కూడా కొన్ని ఉన్నాయనే అర్థం. కనుక అది O. అదే "ఈ గ్లాసులన్నీ శుభ్రంగా లేవు" అంటే? కొన్ని శుభ్రంగా లేవని కావచ్చు, ఒక్కటీ శుభ్రంగా లేదని కావచ్చు. మొదటి అర్థం తీసుకుంటే O, రెండోది తీసుకుంటే E. సందర్భం చూసి తేల్చుకుని, "ఏ గ్లాసూ శుభ్రంగా లేదు" అనో "కొన్ని గ్లాసులు శుభ్రంగా లేవు" అనో మార్చి రాసుకున్నాకే అక్షరం వేయండి. "అన్నీ" కనిపించింది కదా అని A వేసేవాళ్లూ ఉంటారు. అది మాత్రం ఎటు చూసినా తప్పే.

రెండోది మాట చివర వచ్చే ఏకారం. "చేపలన్నిటికీ మొప్పలుంటాయి" అంటే చేపలన్నీ మొప్పలున్న జీవులు. "చేపలకే మొప్పలుంటాయి" అంటే మొప్పలున్నవన్నీ చేపలు. వాక్యం తల్లకిందులైంది. రెండూ A వాక్యాలే, కానీ వాక్యంలో రెండు మాటల స్థానాలు మారాయి కాబట్టి ఫిగర్ మారిపోతుంది. "మాత్రమే"తో కూడా ఇంతే.

మూడోది "కు ఉంది" కట్టుబాటు. "తిమింగలాలకు మొప్పలు లేవు" అన్న వాక్యంలో వ్యాకరణం ప్రకారం కర్త మొప్పలే. మనకు కావలసింది అది కాదు. ఎవరి గురించి మాట్లాడుతున్నామో వాళ్లను ముందుకు తెచ్చి, "ఏ తిమింగలమూ మొప్పలున్న జీవి కాదు" అని కాస్త కృతకంగానైనా రాసుకోవాలి. ఇలా రాస్తేనే M రెండు వాక్యాల్లోనూ ఒకే మాటగా నిలబడుతుంది. ఒకచోట మొప్పలు, ఇంకోచోట మొప్పలున్న జీవులు అని వదిలేస్తే టర్ములు నాలుగవుతాయి. నాలుగు టర్ములుంటే అది సిలాజిజమే కాదు, మూడ్ వెతకడం దండగ.

"తిమింగలం చేప కాదు" అని ఏకవచనంలో ఉన్నా చెప్పేది జాతి మొత్తం గురించే కాబట్టి E. "సోక్రటీస్ మనిషి" లాంటి ఒక్కరి గురించిన వాక్యాన్ని పాత పద్ధతిలో A కింద లెక్కేస్తారు.

ఇదంతా చేశాక మన వాదన ఇలా తేలుతుంది:

```
A   చేపలన్నీ మొప్పలున్న జీవులు           P – M
E   ఏ తిమింగలమూ మొప్పలున్న జీవి కాదు     S – M
E   ఏ తిమింగలమూ చేప కాదు               S – P
```

మూడ్, ఫిగర్

ఇక మూడ్ అంటే పైనుంచి కిందికి ఎడమ పక్కన ఉన్న మూడు అక్షరాలు. ఇక్కడ AEE.

ఫిగర్ చూడటానికి M ఎక్కడుందో చూస్తే చాలు. ముగింపు ఎప్పుడూ S – P కాబట్టి దాన్ని వదిలేయొచ్చు.

```
ఫిగర్ 1    M – P    S – M
ఫిగర్ 2    P – M    S – M
ఫిగర్ 3    M – P    M – S
ఫిగర్ 4    P – M    M – S
```

రెండోదాంట్లో M రెండుసార్లూ వెనక ఉంది, మూడోదాంట్లో రెండుసార్లూ ముందుంది. ఒకటి, నాలుగు ఒకదానికొకటి తిరగేసినట్టుంటాయి. మనకు M రెండు ప్రెమిస్‌లలోనూ వెనకే ఉంది. కనుక AEE-2.

మూడ్‌లు 64, ఫిగర్లు 4, మొత్తం 256 రూపాలు. వాటిలో చెల్లేవాటికే పేర్లున్నాయి:

```
1   Barbara    Celarent   Darii    Ferio
2   Cesare     Camestres  Festino  Baroco
3   Darapti    Disamis    Datisi   Felapton   Bocardo   Ferison
4   Bramantip  Camenes    Dimaris  Fesapo     Fresison
```

మీ ఫిగర్ ఉన్న వరసలో మీ మూడ్ అచ్చులున్న పేరు వెతకండి. రెండో వరసలో a, e, e ఉన్నది కమెస్ట్రెస్. పేరును తెలుగు లిపిలో రాసుకుని అచ్చులు లెక్కపెట్టకండి. మన గుణింతంలో అచ్చు హల్లులో కలిసిపోతుంది, ఏ హల్లు ఏ అచ్చు తర్వాత వచ్చిందో కంటికి ఆనదు. రోమన్ స్పెల్లింగే ముందు పెట్టుకోవాలి.

మూడ్ ఒక్కటే చూసి పేరు చెప్పడం కుదరదు. EIO నాలుగు ఫిగర్లలోనూ చెల్లుతుంది, నాలుగు పేర్లూ వేరు: ఫెరియో, ఫెస్టినో, ఫెరిసన్, ఫ్రెసిసన్. చివరి రెండూ చెవికి దాదాపు ఒకేలా ఉంటాయి, పరీక్ష హాల్లో టెన్షన్‌లో తారుమారవడం మామూలే.

పేరు దొరక్కపోతే? ఇందాకటి వాదనలో మాట్లాడినాయన "చేపలకే మొప్పలుంటాయి" అన్నాడనుకోండి. పై ప్రెమిస్ M – P అవుతుంది, మూడ్ అదే AEE, ఫిగర్ మాత్రం 1. మొదటి వరసలో AEE లేదు. అంటే వాదన చెల్లదు. ఎందుకో చూడాలంటే అదే అచ్చులో ఇంకోటి పోయండి: కాకులన్నీ పక్షులు, ఏ పావురమూ కాకి కాదు, కాబట్టి ఏ పావురమూ పక్షి కాదు! ఒక్క ఏకారంతో మంచి వాదన కాస్తా ఇలా తయారైంది.

పట్టికలో పేర్లు 19. చెల్లే రూపాలు 24 అని కొన్ని పుస్తకాల్లో కనిపిస్తే కంగారు పడకండి. అందరి గురించీ తేల్చగలిగిన చోట కొందరి గురించే చెప్పి ఆపే అయిదు బలహీన రూపాలను కూడా కలిపితే 24. AEO-2 అలాంటిదే. ఏ తిమింగలమూ చేప కాదని చెప్పగలిగి ఉండీ, కొన్ని తిమింగలాలు చేపలు కావు అని ఊరుకోవడం అన్నమాట.

పేరు విప్పడం

చాలామంది ఇక్కడిదాకా వచ్చి ఆగిపోతారు. నా లెక్కన అసలు రుచి ఇక్కణ్నుంచే. ఈ పేర్లు 13వ శతాబ్దపు లాటిన్ తర్కశాస్త్ర గ్రంథాల్లో కనిపిస్తాయి, విలియం ఆఫ్ షేర్‌వుడ్ రచన వాటిలో ఒకటి. విద్యార్థులు పద్యంలా బట్టీపట్టేవాళ్లు. మొదటి ఫిగర్ వాదనలు చూడగానే తెలిసిపోతాయి, వాటికి వేరే రుజువు అక్కర్లేదు అన్నది అరిస్టాటిల్ నుంచి వస్తున్న ఆలోచన. మిగతా ఫిగర్ల వాదనలను మొదటి ఫిగర్‌లోకి మార్చి చూపిస్తే అవీ రుజువైనట్టే. ఎలా మార్చాలో చెప్పే సూచనలనే పేర్లలో హల్లులుగా పొదిగారు.

మొదటి అక్షరం ఎక్కడికి వెళ్లాలో చెబుతుంది. C తో మొదలైతే సెలారెంట్‌కి, B అయితే బార్బరాకి, D అయితే డారీకి, F అయితే ఫెరియోకి. లోపలి హల్లుల్లో నాలుగింటికే పనుంది:

```
s   ముందున్న అచ్చు తాలూకు వాక్యాన్ని యథాతథంగా తిరగేయి (E, I)
p   ముందున్న అచ్చు తాలూకు A వాక్యాన్ని I గా తగ్గించి తిరగేయి
m   రెండు ప్రెమిస్‌ల స్థానాలు మార్చు
c   తిరగేయడం కుదరదు; ముగింపు తప్పనుకుని రుజువు చేయి
```

r, t, l, n లాంటివి పలకడానికి పెట్టినవే, వాటికి పని లేదు. మొదటి అక్షరంగా వచ్చిన C వేరు, లోపల వచ్చే c వేరు.

తిరగేయడం అంటే వాక్యంలో ముందున్న మాటను వెనక్కి, వెనకున్నదాన్ని ముందుకి పంపడం. "ఏ తిమింగలమూ చేప కాదు" నిజమైతే "ఏ చేపా తిమింగలం కాదు" కూడా నిజమే. "కొన్ని" వాక్యం కూడా ఇలాగే తిరుగుతుంది. A తిరగదు: కాకులన్నీ పక్షులైనంత మాత్రాన పక్షులన్నీ కాకులు కావు, కొన్ని పక్షులు కాకులు అని మాత్రమే అనగలం. ఈ తగ్గింపే p. ఇక O వాక్యాన్ని ఏ రకంగానూ తిప్పలేం.

ఇప్పుడు మన పేరు విప్పుదాం.

```
C   a m   e s   t r   e s
```

C అంటే సెలారెంట్‌కి వెళ్లాలి. a తర్వాత m, కాబట్టి ప్రెమిస్‌లను అటూ ఇటూ మార్చాలి. మొదటి e తర్వాత s, కాబట్టి రెండో ప్రెమిస్‌ను తిరగేయాలి: "మొప్పలున్న ఏ జీవీ తిమింగలం కాదు." రెండూ చేస్తే ఇది వస్తుంది:

```
E   మొప్పలున్న ఏ జీవీ తిమింగలం కాదు
A   చేపలన్నీ మొప్పలున్న జీవులు
E   ఏ చేపా తిమింగలం కాదు
```

ఇది అచ్చంగా సెలారెంట్. మొప్పలున్నవాటిలో తిమింగలమే లేదు, చేపలన్నీ ఆ మొప్పలున్నవాటిలోనే ఉన్నాయి, ఇక చేపల్లో తిమింగలం ఎలా ఉంటుంది? చివరి e తర్వాత ఇంకో s మిగిలింది. ఇది కొత్తగా వచ్చిన ముగింపుకు చెందుతుంది. దాన్ని తిరగేస్తే "ఏ తిమింగలమూ చేప కాదు." మొదట మనం అన్న మాటే. మూడో అచ్చు తర్వాత s గానీ p గానీ వస్తే, మొదటి ఫిగర్‌లో తేలిన ముగింపు మీదే అది పని చేస్తుందని గుర్తుంచుకోవాలి.

ఇందాక ప్రెమిస్‌ల వరస తప్పి సెసారే అనుకున్నవాళ్ల గతేంటో ఇప్పుడు చూడండి. Cesare లో s ఒక్కటే ఉంది, అది మొదటి e వెనక. వాళ్లు పైన రాసుకున్న తిమింగలం వాక్యాన్ని తిరగేస్తారు, సెలారెంట్ వచ్చేస్తుంది, ముగింపు "ఏ చేపా తిమింగలం కాదు" అని తేలుతుంది. కావలసిన ముగింపు అది కాదు, దాన్ని తిప్పమని చెప్పే s పేరులో లేదు. అంటే పేరు తప్పు పట్టుకున్నామన్నమాట. పేరు విప్పి చూడటం ఈ రకంగా సరిచూసుకోవడానికి కూడా పనికొస్తుంది.

p కనిపిస్తే ఒక్క క్షణం ఆగండి

కథల్లో గండభేరుండం ఉంది కదా, రెండు తలల పక్షి. గండభేరుండాలన్నీ రెండు తలలున్నవి, గండభేరుండాలన్నీ పక్షులు, కాబట్టి కొన్ని పక్షులు రెండు తలలున్నవి. M రెండుసార్లూ ముందుంది, మూడ్ AAI. మూడో వరసలో దరాప్తి. పేరున్న రూపమే! కానీ ముగింపు చూస్తే ఎక్కడో తేడా కొడుతోంది.

పేరు విప్పితే ఆ తేడా ఎక్కడుందో వేలు పెట్టి చూపించొచ్చు. Darapti లో p రెండో a వెనక ఉంది. "గండభేరుండాలన్నీ పక్షులు" అన్నదాన్ని తగ్గించి తిరగేస్తే "కొన్ని పక్షులు గండభేరుండాలు" అవుతుంది. ఈ అడుగులోనే గండభేరుండం నిజంగా ఉందని ఒప్పేసుకున్నాం. మొదటి వాక్యం అలాంటి పక్షి ఒక్కటీ లేకపోయినా నిలబడుతుంది, తిరగేసింది నిలబడదు.

పాత సంప్రదాయంలో మనం మాట్లాడే ప్రతి టర్ముకూ చెందినవి ఎక్కడో ఉన్నాయనే ఊహ ఉంది కాబట్టి p చెల్లింది. నేటి తర్కంలో ఆ ఊహ లేదు. 19 పేర్లలో p ఉన్నవి నాలుగు: దరాప్తి, ఫెలాప్టన్, బ్రమంటిప్, ఫెసాపో. అవి తీసేస్తే మిగిలేది 15. ఆధునిక పుస్తకాలు చెల్లే రూపాలు 15 అని రాసేది వీటినే. పరీక్షలో ప్రశ్న ఏ పద్ధతిలో అడిగారో ముందు చూసుకోవాలి.

c ఉన్న మొండి జంట

విషసర్పాలన్నీ విషపు కోరలున్నవి. కొన్ని పాములు విషపు కోరలున్నవి కావు, జెర్రిపోతు ఉంది కదా. కాబట్టి కొన్ని పాములు విషసర్పాలు కావు. AOO-2, బరోకో. ఇందులో O తిరగదు. పోనీ A ని తగ్గించి తిరగేద్దామంటే రెండు ప్రెమిస్‌లూ "కొన్ని" వాక్యాలైపోతాయి, వాటి నుంచి ఏదీ తేలదు. అందుకే పేరులో c పెట్టారు.

చేయాల్సింది ఇది. ముగింపు తప్పనుకోండి. "కొన్ని పాములు విషసర్పాలు కావు" అన్నది తప్పైతే "పాములన్నీ విషసర్పాలు" నిజం కావాలి. Baroco లో c రెండో అచ్చు వెనక ఉంది కాబట్టి ఈ కొత్త వాక్యాన్ని రెండో ప్రెమిస్ బదులు పెట్టండి:

```
A   విషసర్పాలన్నీ విషపు కోరలున్నవి
A   పాములన్నీ విషసర్పాలు
A   పాములన్నీ విషపు కోరలున్నవి
```

B చెప్పినట్టే బార్బరా వచ్చింది. కానీ కొన్ని పాములకు విషపు కోరలు లేవని మనం ముందే ఒప్పుకున్నాం. రెండూ ఒకేసారి కుదరవు. కనుక ముగింపు తప్పనుకోవడమే తప్పు.

Bocardo లో c మొదటి o వెనక ఉంది, అందుకని అక్కడ పై ప్రెమిస్‌ను తీసి ఈ రకం వాక్యం పెట్టాలి. మిగతాదంతా ఇలాగే. ఆక్స్‌ఫర్డ్ ఉత్తర ద్వారం దగ్గర ఒకప్పుడు బొకార్డో అనే జైలు ఉండేది. 1555, 1556ల్లో సజీవ దహనానికి గురైన లాటిమర్, రిడ్లీ, క్రాన్మర్‌లను అందులోనే ఉంచారు. ఈ మూడ్‌లో ఇరుక్కుంటే బయటపడటం కష్టం కాబట్టి జైలుకు ఆ పేరు వచ్చిందని ఒక మాట ఉంది, ఎంతవరకు నిజమో గానీ.

పుస్తకాన్ని బట్టి స్పెల్లింగ్‌లు మారతాయి. ఈ రెంటినీ Baroko, Bokardo అని k తో రాసేవాళ్లున్నారు, మొదటి అక్షరం C తో గందరగోళం రాకుండా అది నయమే. నాలుగో ఫిగర్‌లో Bramantip బదులు Bamalip, Camenes బదులు Calemes, Dimaris బదులు Dimatis కనిపిస్తాయి. వీటిలో మారింది పని లేని హల్లులే. Calemes లో m చోటు కూడా మారింది గానీ, m రెండు ప్రెమిస్‌లకూ కలిపి చెప్పే సూచన కాబట్టి అది పేరులో ఎక్కడున్నా ఒకటే. అచ్చులు, మొదటి అక్షరం, s, p ఎక్కడివక్కడే ఉన్నాయో లేదో, m రెంటిలోనూ ఉందో లేదో చూసుకోండి. ఉంటే రెండు పేర్లూ ఒకే రూపానివి.